కారం పొడి ప్యాకింగ్ లైన్ ఎఫ్‌ఎంఈఏ: లోహం వరుసకు ఆర్‌పీఎన్ 36 అంటే నమ్మొచ్చా?

స్వాతి_క్యూఏ (సోమవారం, ఉదయం 10:20)

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక మసాలా పొడుల యూనిట్‌లో క్వాలిటీ చూస్తున్నాను. మా 200 గ్రాముల కారం పౌచ్ లైన్‌కి ఉన్న ఎఫ్‌ఎంఈఏ షీట్‌ని, అంటే లైన్‌లో ఏ లోపం రావచ్చో, దాని ముప్పు ఎంతో అంకెల్లో రాసుకునే పట్టికని, ఆడిట్‌కి ముందు ఒకసారి తిరగేయమన్నారు. షీట్ నేను చేరకముందు నుంచీ ఉన్నదే.

లైన్ ఇలా ఉంటుంది. మర నుంచి వచ్చిన కారం జల్లెడ దాటి, మాగ్నెట్ దాటి, పైపులో కిందికి పడేటప్పుడు మెటల్ డిటెక్టర్ గుండా పోతుంది. అక్కడి నుంచి హాపర్, స్క్రూ తిప్పి పొడిని కొలిచి పోసే ఆగర్ ఫిల్లర్, పౌచ్ మిషన్, డేట్ కోడింగ్, చెక్‌వెయర్, చివరికి అట్టపెట్టె. నిమిషానికి 40 పౌచ్‌లు. ఫిల్మ్ అల్యూమినియం ఫాయిల్ ఉన్న లామినేట్.

షీట్‌లో ముఖ్యమైన వరుసలు ఇవి. అంకెలు తీవ్రత, సంభవం, గుర్తింపు అనే క్రమంలో ఉన్నాయి. ఒక్కోటీ 1 నుంచి 10 దాకా, లోపం పట్టుకోవడం కష్టమయ్యేకొద్దీ గుర్తింపు అంకె పెరుగుతుంది. మూడూ గుణిస్తే వచ్చేదే ఆర్‌పీఎన్:

సీల్ లీకు: 6 × 6 × 4 = 144
డేట్ కోడ్ చెరిగిపోవడం: 4 × 5 × 5 = 100
బరువు తక్కువ పడటం: 5 × 4 × 2 = 40
లోహపు ముక్క: 9 × 2 × 2 = 36

ఆర్‌పీఎన్ 100 దాటితేనే చర్య తీసుకోవాలన్నది మా దగ్గర రూలు. ఆ లెక్కన సీల్ మీద మాత్రమే పని ఉంది, లోహం ఊసే లేదు. అన్నిటికంటే కింద లోహం ఉండటం నాకు మింగుడు పడటం లేదు. అంకెలు మాత్రం ఎక్కడా తప్పుగా కనిపించడం లేదు. ఎవరైనా ఒకసారి చూసి చెప్తారా?

---

శ్రీను_ప్రొడక్షన్ (సోమవారం, 10:55)

మేడమ్, డిటెక్టర్ ఉంది, మాగ్నెట్ ఉంది, కాబట్టి 36 వచ్చింది. అందులో అనుమానం దేనికి? ఆడిటర్ వచ్చి చూసేది 100 దాటినవాటికి చర్య రాశారా లేదా అన్నదే. 144 మీద ఏదో ఒకటి రాసెయ్యండి, అయిపోతుంది. లేని తలనొప్పి కొని తెచ్చుకోవద్దు.

---

పచ్చళ్ళ వెంకట్ (సోమవారం, 11:30)

నాదొక డౌటండీ. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళ ప్రకారం ఆర్‌పీఎన్ ఎంత లోపు ఉండాలి? మాది తణుకు దగ్గర పచ్చళ్ళ యూనిట్, గాజు సీసాల ప్యాకింగ్. లైసెన్స్ రెన్యువల్‌కి ఇది కూడా పెట్టాలా? మా దగ్గర మూత బిగించే మిషన్ కింద సీసా అంచు చిట్లుతూ ఉంటుంది. దానికి ఎన్ని మార్కులు వెయ్యాలో ఎవరూ చెప్పడం లేదు.

---

భాస్కరరావు (సోమవారం, 13:05)

వెంకట్ గారూ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆర్‌పీఎన్ అడగదండీ. వాళ్ళు చూసేది షెడ్యూల్ 4 ప్రకారం శుభ్రత, ఆహార భద్రత ప్రణాళిక. ఎఫ్‌ఎంఈఏ అడిగేది సాధారణంగా పెద్ద కొనుగోలుదారులు, లేదంటే మీ సొంత కంపెనీ. మీ సీసా సంగతికి తర్వాత వస్తాను.

స్వాతి గారూ, అంకెలను కాసేపు పక్కన పెట్టండి. ఆ వరుసలో "లోహపు ముక్క" అని రాసి ఉంది. కారణం అనే గడిలో ఏం రాశారు? లోహం ఎక్కడి నుంచి వస్తుందని? ఇంకో ప్రశ్న: మీ డిటెక్టర్ హాపర్‌కి పైన ఉందన్నారు. దాని తర్వాత పౌచ్ దాకా కారానికి తగిలే ఇనుము, స్టీలు భాగాలు ఏమేం ఉన్నాయి?

---

స్వాతి_క్యూఏ (సోమవారం, 14:10)

కారణం గడిలో "ముడి సరుకు / మిషన్" అని ఉంది సర్. డిటెక్టర్ తర్వాత హాపర్, అందులో కలియబెట్టే బ్లేడ్, ఆగర్ స్క్రూ, దాని ఫనెల్, ఆ కింద ఫార్మింగ్ ట్యూబ్. అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలే.

---

భాస్కరరావు (సోమవారం, 14:40)

చిక్కంతా ఆ గీతలోనే ఉంది. "ముడి సరుకు / మిషన్" అని ఒకే గడిలో రెండు వేరు వేరు కారణాలు పెట్టారు. అంకెలు మాత్రం మొదటి కారణానికి వేశారు.

కల్లం నుంచి వచ్చిన మేకు, మరలోంచి ఊడిన ముక్క డిటెక్టర్ గుండా వెళ్తాయి. వాటికి గుర్తింపు 2 వేయడం సబబే. ఆగర్ ఫనెల్‌ని రాసుకుంటే రాలే తునక సంగతి వేరు. అది పుట్టేదే డిటెక్టర్ దాటాక. దాని దారిలో పట్టుకునేది ఏదీ లేదు. చెక్‌వెయర్ బరువు చూస్తుంది, లోహం చూడదు. అంటే ఆ కారణానికి గుర్తింపు 9, నిజానికి 10 అన్నా కాదనలేం.

వరుసను రెండుగా విడదీసి చూడండి:

లోహం, ముడి సరుకు / మర నుంచి: 9 × 4 × 2 = 72
లోహం, ఆగర్ రాపిడి నుంచి: 9 × 3 × 9 = 243

సంభవం అంకెలు నేను ఊహించి వేసినవి. మీ మెయింటెనెన్స్ రిజిస్టర్ చూసి సరిచేయండి. తీవ్రత రెండింటికీ ఒకటే. పంటి కింద పడిన ముక్కకు తన పుట్టిల్లు ఏదో తెలియదు కదా.

---

శ్రీను_ప్రొడక్షన్ (సోమవారం, 15:15)

సర్, అంత దూరం దేనికి? ఆగర్ కింద ఒక బలమైన మాగ్నెట్ పెట్టేస్తే పోలా? పదివేల గాస్ రాడ్లు దొరుకుతున్నాయి.

---

మిషన్‌రాజు (సోమవారం, 20:45)

శ్రీను అన్నా, ఆగర్ 304 స్టీలు. మాగ్నెట్ దాన్ని సరిగా పట్టదు. రాపిడికి నలిగిన తునకలకు కాస్త అయస్కాంత గుణం వస్తుంది. కొన్ని అంటుకుంటాయి, కొన్ని అంటవు, దాన్ని నమ్ముకుని కూర్చోలేం. పైగా ఆగర్ కింద ఫార్మింగ్ ట్యూబ్‌లో రాడ్ పెట్టే జాగా ఎక్కడుంది? పెడితే కారం దాని మీద గూడు కట్టి డోస్ తేడా వస్తుంది.

నేను పౌచ్ మిషన్లు సర్వీస్ చేస్తాను. ఆగర్ ఫనెల్‌ని ఎప్పుడు తాకుతుందో నేను చూసినవి చెప్తాను. మొదటిది, కడిగేటప్పుడు ఆగర్‌ని గోడకి నిలబెడతారు, అది జారి కింద పడుతుంది. వంపు కంటికి కనపడదు, కానీ తిరిగేటప్పుడు కొస ఊగుతుంది. రెండోది, 500 గ్రాముల నుంచి 200కి మార్చినప్పుడు ఆగర్ మార్చి ఫనెల్ మార్చరు, లేదా తొందరలో ఫనెల్ క్లాంప్ వంకరగా బిగిస్తారు. మూడోది, పైన బుష్ అరగడం. ఇది నిదానంగా వస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు.

ఎలా తెలుస్తుందంటే, ఫనెల్ విప్పి లోపల టార్చి వేసి చూడండి. ఆగర్ కొస తిరిగే ఎత్తులో అద్దంలా మెరిసే గీత గుండ్రంగా కనిపిస్తే రాసుకుంటున్నట్టే. చుట్టూరా ఉంటే బుష్, ఒక పక్కనే ఉంటే ఫనెల్ వంకర. తెల్ల గుడ్డ పెట్టి తుడిస్తే ఎర్రగా రావాల్సింది బూడిద రంగు కలిసి వస్తుంది. మిషన్ ఖాళీగా తిప్పితే సన్నగా కీచుమంటుంది. కారం ఉన్నప్పుడు ఆ చప్పుడు వినపడదు.

---

స్వాతి_క్యూఏ (మంగళవారం, 9:40)

రాజు గారూ, ఇవాళ పొద్దున్న కడగడానికి విప్పినప్పుడు నేనే టార్చి వేసి చూశాను. రెండు మిషన్లలో ఒకదాని ఫనెల్‌లో ఒక పక్క బొటనవేలు పొడవున గీత మెరుస్తోంది. గుడ్డ తుడిస్తే మరీ బూడిదగా రాలేదు కానీ అంచున కొద్దిగా మురికి రంగు ఉంది. ఆపరేటర్‌ని అడిగితే "ఎప్పటినుంచో ఉంది మేడమ్" అన్నాడు. రిజిస్టర్‌లో బుష్ మార్చినట్టు రెండు చోట్ల ఉంది, ఆగర్ వంగినట్టు ఎక్కడా లేదు.

ఆ మిషన్ ఆపించి ఫనెల్ మార్పిస్తున్నాను. దాని మీద ప్యాక్ చేసి గోడౌన్‌లో ఉన్న సరుకు హోల్డ్‌లో పెట్టించాను.

---

భాస్కరరావు (మంగళవారం, 10:15)

మంచి పని చేశారు. ఆ సరుకులోంచి కొన్ని పౌచ్‌లు విప్పి, కారాన్ని నీళ్ళలో కలిపి తేర్చి, అడుగున ఏం మిగిలిందో భూతద్దంతో చూడండి. ఇప్పటికే మార్కెట్‌లోకి వెళ్ళిన బ్యాచ్‌ల సంగతి ఆ ఫలితాన్ని బట్టి మీ పైవాళ్ళతో కూర్చుని తేల్చుకోవాలి.

ఇక సంభవం 3 కాదు, 5 వెయ్యండి. "ఎప్పటినుంచో ఉంది" అన్న మాట రిజిస్టర్ కంటే బలమైన సాక్ష్యం. 9 × 5 × 9 = 405.

---

కిరణ్_పుణె (మంగళవారం, 11:50)

నేను కార్ల విడిభాగాల కంపెనీలో ఉంటాను. మీరంతా ఇంకా ఆర్‌పీఎన్ గుణిస్తూ కూర్చున్నారేంటండీ? 2019లో కార్ల పరిశ్రమ సంఘాలు ఏఐఏజీ, వీడీఏ కలిసి కొత్త హ్యాండ్‌బుక్ తెచ్చాయి. అందులో ఆర్‌పీఎన్ ఎత్తేశారు, ఇప్పుడు అది చెల్లదు. దాని బదులు యాక్షన్ ప్రయారిటీ అని ఒక పట్టిక ఉంటుంది. మూడు అంకెలు చూసి హై, మీడియం, లో అని చెప్పేస్తుంది. 9/3/9 అయినా 9/5/9 అయినా హై. స్వాతి గారి సీల్ లీకు 6/6/4 మీడియం. చూశారుగా, ఆ పట్టికకి మొదటి నుంచీ తెలుసు ఏది ముందో.

---

భాస్కరరావు (మంగళవారం, 12:30)

కిరణ్ గారూ, పట్టిక మంచిదే. తీవ్రతకు పెద్దపీట వేస్తుంది, అది సరైన పద్ధతి. కానీ "చెల్లదు" అనకండి. ఆ హ్యాండ్‌బుక్ కార్ల వాళ్ళది. ఆహారం కొనేవాళ్ళలో చాలామంది ఇప్పటికీ ఆర్‌పీఎన్ షీటే అడుగుతారు.

ఇంకో మాట. స్వాతి గారి పాత షీట్‌లో లోహం 9/2/2 అని ఉంది. మీ పట్టికలో అది చూడండి, ఏం వస్తుందో.

---

కిరణ్_పుణె (మంగళవారం, 12:48)

లో వస్తుంది సర్. అర్థమైంది. కారణాలు కలిపేస్తే పట్టిక కూడా కాపాడదు.

అయినా 100 గీత మాత్రం తీసేయమని గట్టిగా చెప్తాను. మా దగ్గర పాత రోజుల్లో గీత 100 పెడితే షీట్ నిండా 96లు, 98లు వచ్చేవి. గుర్తింపు 5 ఉంటే 4 చేసేవాళ్ళు. అసలు మూడు అంకెలు గుణిస్తే 1 నుంచి 1000 దాకా అన్నీ రావు, వచ్చేవి 120 విలువలే. 97 అనే ఆర్‌పీఎన్ ఎప్పటికీ రాదు. అలాంటి కొలబద్ద మీద 100 దగ్గర గీత గీయడం ఏంటి?

---

శ్రీను_ప్రొడక్షన్ (మంగళవారం, 13:20)

గీత లేకపోతే అన్నిటి మీదా పని చెయ్యమంటారు సర్. మాకు రోజూ టార్గెట్ ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఆపాలిగా.

---

నజీమా_హైద్రాబాద్ (మంగళవారం, 16:30)

శ్రీను గారి ఇబ్బంది నాకు అర్థమవుతుంది. నేను బిస్కెట్ ప్లాంటులో చేస్తాను, మా దగ్గరా ఇదే గొడవ. మేం చేసుకున్నది ఏంటంటే, తీవ్రత 9 లేదా 10 ఉన్న వరుసలన్నీ ఆర్‌పీఎన్ ఎంతైనా సరే టీమ్ ముందుకు రావాలి. మిగతావాటిలో పై నుంచి కొన్ని తీసుకుంటాం, ఎన్ని చేయగలిగితే అన్ని.

నేను రాయాలనుకున్నది వేరే సంగతి. లోహం గురించి భాస్కరరావు గారు చెప్పిందే సీల్ లీకు వరుసలోనూ ఉందని నా అనుమానం. స్వాతి, అక్కడ గుర్తింపు 4 ఎందుకు వేశారు? లీకు ఎలా చూస్తారు?

---

స్వాతి_క్యూఏ (మంగళవారం, 17:05)

గంటకి ఐదు పౌచ్‌లు తీసి వాక్యూమ్ లీక్ టెస్ట్ చేస్తాం మేడమ్. నీళ్ళలో పెట్టి వాక్యూమ్ లాగి బుడగలు వస్తున్నాయా అని చూడటం. ఒక్కటి ఫెయిలైనా ఆ గంట సరుకు మొత్తం ఆపుతాం.

---

నజీమా_హైద్రాబాద్ (మంగళవారం, 21:10)

అనుకున్నట్టే ఉంది. నిమిషానికి 40 అంటే గంటకి 2400 పౌచ్‌లు, అందులో ఐదు చూస్తున్నారు.

సీల్ లీకవడానికి రెండు కారణాలు తీసుకుందాం. ఒకటి, పౌచ్‌ని నొక్కి సీల్ వేసే జా హీటర్ కాలిపోయి వేడి తగ్గడం. అప్పుడు అన్ని పౌచ్‌ల సీలూ బలహీనమే. ఏ ఐదు తీసినా దొరికిపోతుంది. ఈ కారణానికి గుర్తింపు 3 అన్నా తప్పులేదు. గంట ఆలస్యంగా తెలుస్తుంది కానీ తప్పకుండా తెలుస్తుంది.

రెండోది, సీల్ మధ్యలో కారం పడటం. ఇది అన్నిటికీ జరగదు, అక్కడొకటి ఇక్కడొకటి. నూటికి ఒక పౌచ్ ఇలా లీకవుతోందనుకోండి. ఐదు తీస్తే ఐదూ మంచివే వచ్చే అవకాశం 0.99ని ఐదుసార్లు గుణిస్తే వచ్చేది, అంటే 0.951. వందలో తొంభై ఐదు సార్లు మీ టెస్ట్ "అంతా బాగుంది" అనే చెప్తుంది. అదే గంటలో 24 లీకు పౌచ్‌లు పెట్టెల్లోకి పోయి ఉంటాయి. ఐదు బదులు 60 తీసినా పట్టుకునే అవకాశం సగం కంటే తక్కువే, దాదాపు 45 శాతం.

కాబట్టి:

లీకు, జా వేడి తగ్గి: 6 × 4 × 3 = 72
లీకు, సీల్‌లో కారం పడి: 6 × 6 × 8 = 288

ఒకే టెస్ట్ ఒక కారణాన్ని బాగా పడుతుంది, రెండోదాన్ని అసలు పట్టదు. 4 అన్నది ఈ రెండింటి మధ్య ఎవరో కుదిర్చిన బేరం.

---

స్వాతి_క్యూఏ (బుధవారం, 9:15)

ఈ లెక్క మా మేనేజర్‌కి చూపించాను. "మరి రోజూ టెస్ట్ పాస్ అవుతుంటే డీలర్ల నుంచి పౌచ్ కారుతోందన్న కంప్లైంట్లు ఎందుకొస్తున్నాయో ఇప్పుడు తెలిసింది" అన్నారు. ఆ కంప్లైంట్లన్నీ ఇన్నాళ్ళూ ట్రాన్స్‌పోర్ట్ ఖాతాలో వేశారట.

కారం సీల్‌లో పడకుండా ఏం చెయ్యొచ్చు?

---

మిషన్‌రాజు (బుధవారం, 13:50)

ముందు ఎప్పుడు పడుతోందో చూడాలి. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి జా మూసుకునేటప్పుడు తీయండి. రెండు రకాలుగా ఉంటుంది. ఆగర్ ఆగాక కూడా కొసనుంచి కొంచెం కారం జారుతూ ఉంటే అది డ్రిబుల్. కొసకి కటాఫ్ ప్లేటో, జల్లెడ ప్లేటో వేస్తే తగ్గుతుంది. అలా కాకుండా పొడి పొగలా లేచి ఫిల్మ్ లోపలి గోడకి అంటుకుంటుంటే అది దుమ్ము, స్టాటిక్. దానికి ట్యూబ్ దగ్గర సక్షన్, ఫిల్మ్ వచ్చే చోట యాంటీ స్టాటిక్ బార్.

ఖర్చు లేని మందు ఒకటుంది. డోస్ పడ్డాక జా మూసుకునే ముందు కొంచెం ఆలస్యం పెట్టడం. సెకనులో పదో వంతు పెంచినా తేడా తెలుస్తుంది. స్పీడు 40 నుంచి రెండు మూడు పౌచ్‌లు పడిపోతుంది, అంతే.

---

శ్రీను_ప్రొడక్షన్ (బుధవారం, 14:20)

ఆ "అంతే" దగ్గరే మాకు చచ్చే చావు రాజూ. నిమిషానికి మూడు అంటే షిఫ్ట్‌కి ఎంతవుతుందో లెక్క చూడు.

---

మిషన్‌రాజు (బుధవారం, 14:32)

ఎనిమిది గంటలకి 1440 పౌచ్‌లు తగ్గుతాయి అన్నా. నజీమా మేడమ్ లెక్కన నూటికి ఒకటి లీకైతే షిఫ్ట్‌కి 190 పైన లీకు పౌచ్‌లు పోతున్నాయి. వాటి వల్ల తిరిగొచ్చే పెట్టెలు, పెట్టెలో పక్క పౌచ్‌లకి అంటిన కారం నువ్వు లెక్కేసుకో. ఏది ఎక్కువో నేను చెప్పలేను.

---

పచ్చళ్ళ వెంకట్ (బుధవారం, 15:00)

ఒక మాటండీ, లీకుకి తీవ్రత 6 ఏంటి? వానాకాలంలో కారానికి చెమ్మ తగిలితే గడ్డ కట్టి బూజు పడుతుంది. బూజంటే అఫ్లటాక్సిన్. అది 9 కదా?

---

భాస్కరరావు (బుధవారం, 18:25)

మిరపలో అఫ్లటాక్సిన్ బెడద ఎక్కువగా కల్లం దగ్గరే మొదలవుతుందండీ. కాయ సరిగా ఎండక ముందే కుప్ప వేసినప్పుడు. సూది బెజ్జమంత లీకుతో పౌచ్‌లో రంగు తగ్గడం, గడ్డ కట్టడం ముందు వస్తాయి. కొనేవాడు వాసన చూసి పక్కన పెడతాడు. అందుకని 6 నాకు న్యాయంగానే ఉంది. కానీ కోస్తాలో వానాకాలం నెలల తరబడి కొట్టులో ఉండే సరుకైతే మీ వాదన కొట్టిపారేయలేను. స్వాతి గారు కొన్ని లీకు పౌచ్‌లు కావాలని పక్కన పెట్టి, తేమ పెరుగుదల కొలిచి చూస్తే తెలుస్తుంది.

ఇక మీ సీసా. అంచు చిట్లి గాజు పచ్చట్లో పడటానికి తీవ్రత 9 లేదా 10, అందులో బేరం లేదు. సంభవం మీ చేతిలో ఉంది. వెయ్యి సీసాలకి ఎన్ని చిట్లుతున్నాయో రాసుకోవడం మొదలుపెట్టండి. గుర్తింపు మాత్రం స్వాతి గారి లోహంలాగే. మీరు ఖాళీ సీసాలను లైటు ముందు పెట్టి చూస్తారనుకుంటాను. మూత దగ్గర చిట్లేది ఆ తర్వాత కాబట్టి ఆ తనిఖీకి ఇక్కడ విలువ లేదు. మూత మిషన్ తల ఎత్తు, బిగింపు సరిచూడటం మీద పెట్టండి మీ డబ్బు.

---

పచ్చళ్ళ వెంకట్ (బుధవారం, 19:10)

సరిగ్గా అలాగే చూస్తామండీ, ఖాళీ సీసాలు లైటు ముందు పెట్టి! రేపు మిషన్ మనిషిని పిలుస్తాను. సీసాలన్నీ ఒకే ఎత్తు ఉండటం లేదని నా అనుమానం, రెండు చోట్ల నుంచి కొంటున్నాం.

---

స్వాతి_క్యూఏ (గురువారం, 11:00)

సర్, లోహం వరుసకి చర్య ఏం రాయాలన్న దగ్గర మా టీమ్ రెండుగా చీలిపోయింది. డిటెక్టర్‌ని లైన్ చివరికి, పౌచ్ అయ్యాక మార్చేస్తే ఆగర్ తునక కూడా దొరుకుతుంది, గుర్తింపు 9 నుంచి 2కి వస్తుంది అంటున్నారు కొందరు. పేపర్ మీద 405 కాస్తా 90 అవుతుంది.

---

భాస్కరరావు (గురువారం, 12:40)

పేపర్ మీద అవుతుంది. మీ ఫిల్మ్‌లో ఫాయిల్ ఉందన్నారు. మామూలు మెటల్ డిటెక్టర్‌కి ప్రతి ఫాయిల్ పౌచూ ఒక పెద్ద లోహపు ముక్కే. ఫాయిల్ ప్యాక్‌లకి ప్రత్యేకంగా వచ్చేవి అయస్కాంతానికి అంటుకునే లోహాన్నే చూస్తాయి, మీకు కావాల్సిన స్టెయిన్‌లెస్‌ని చూడవు. మెటలైజ్డ్ ఫిల్మ్‌కి మారితే పొర చాలా పలచన కాబట్టి డిటెక్టర్ సర్దుకుంటుంది, సున్నితత్వం కొంత తగ్గుతుంది. కానీ ఫిల్మ్ మారిస్తే చెమ్మ ఆగే తీరు మారి సీల్ వరుసలు మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి. ఎక్స్‌రే ఉంది, ఖరీదు. అదీ సన్నటి రేకులాంటి తునకను బాగా చూడదు.

ఇంకొకటి. డిటెక్టర్‌ని మనం గుండ్రటి టెస్ట్ పీసులతో పరీక్షిస్తాం. స్టెయిన్‌లెస్‌కి 2 నుంచి 3 మిల్లీమీటర్ల గుండు వేసి, పట్టింది కాబట్టి బాగుందంటాం. రాపిడి నుంచి వచ్చేది ఎక్కువగా అంతకంటే చాలా చిన్న తునకలు, పొడి. కాబట్టి ఎక్కడ పెట్టినా ఈ కారణానికి గుర్తింపు 2 అని రాస్తే నేనైతే సంతకం పెట్టను.

నా సలహా, గుర్తింపును వదిలి సంభవం మీద పడండి. ఆగర్ నిలబెట్టడానికి గోడకి కొక్కెం, ప్రతి ఆగర్‌కీ దాని ఫనెల్‌కీ ఒకే రంగు గుర్తు, మార్పు తర్వాత ఖాళీగా తిప్పి చప్పుడు వినడం, కడిగేటప్పుడు టార్చితో గీత చూసి రాయడం, బుష్ అరగకముందే గడువు పెట్టి మార్చడం. ఇవన్నీ నడిచాక సంభవం 2కి తగ్గుతుంది. ఫనెల్ చూసేది కడిగేటప్పుడే కాబట్టి గుర్తింపు 7 వరకే వస్తుంది. 9 × 2 × 7 = 126.

---

శ్రీను_ప్రొడక్షన్ (గురువారం, 13:05)

126 అంటే ఇంకా 100 పైనే కదా సర్! ఇంత చేసి మళ్ళీ ఎర్రగా కనపడుతుంది. ఆడిటర్‌కి ఏం చెప్తాం?

---

నజీమా_హైద్రాబాద్ (గురువారం, 13:30)

ఉన్నది ఉన్నట్టు చెప్తారు శ్రీను గారూ. 36 నుంచి 126కి పెరిగిన షీట్ పక్కన ఫనెల్ ఫోటో, హోల్డ్ రికార్డు పెట్టండి. ఇది చదివిన ఆడిటర్ సీటులో నేనుంటే 36 దగ్గరే ఎక్కువ ప్రశ్నలు వేసేదాన్ని. అయితే ఒక విషయంలో భాస్కరరావు గారితో నాకు తేడా ఉంది. 7 వేసి టార్చి తనిఖీని ఎక్కువ నమ్మారు. అది మనిషి కన్ను. రాత్రి షిఫ్ట్‌లో చూడకుండానే టిక్కు పెడతారు. నేనైతే 8 వేసేదాన్ని.

---

కిరణ్_పుణె (గురువారం, 14:15)

యాక్షన్ ప్రయారిటీలో 9/2/7 అయినా 9/2/8 అయినా ఇంకా హైయే. గుర్తింపు ఇలాగే ఉంటే సంభవం 1 అయితే తప్ప లో రాదు. సంభవం 1 అంటే తాకడం అసాధ్యమయ్యేలా డిజైన్ మార్చాలి. ఫనెల్‌ని ప్లాస్టిక్‌తో చేయించలేరా?

---

మిషన్‌రాజు (గురువారం, 21:20)

ఆగర్ కొస దగ్గర ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ బుష్ వేసినవి ఉన్నాయి. అప్పుడు స్టీలు బదులు ప్లాస్టిక్ రాలుతుంది. నీలం రంగుదైతే కంటికి కనిపిస్తుంది గానీ డిటెక్టర్‌కి కనిపించదు. డిటెక్టర్ పట్టేలా లోహం పొడి కలిపిన ప్లాస్టిక్ కూడా దొరుకుతుంది, కానీ ఇక్కడ డిటెక్టర్ పైన ఉంది, మళ్ళీ అదే కథ. కారం రాపిడికి అది ఎన్నాళ్ళు నిలుస్తుందో నేను వాడి చూడలేదు.

---

స్వాతి_క్యూఏ (శుక్రవారం, 10:30)

ఇప్పటిదాకా జరిగింది చెప్తాను. ఫనెల్ మార్చాం, కొక్కేలు బిగించారు, రంగు గుర్తులు వేశాం. హోల్డ్ సరుకులో విప్పిన పౌచ్‌లలో ఒకదాని అడుగున మెరిసే రజను కొద్దిగా కనపడింది. దాన్ని బయట ల్యాబ్‌కి పంపాం, సరుకు ఇంకా హోల్డ్‌లోనే ఉంది. మార్కెట్‌లో ఉన్న బ్యాచ్‌ల జాబితా మేనేజర్ టేబుల్ మీద ఉంది.

షీట్‌లో ఆగర్ వరుసకి 9 × 2 × 8 వేశాను, నజీమా గారి అంకె. సీల్‌లో కారం వరుసకి ఆలస్యం పెంచి స్పీడు 38తో నడుపుతున్నాం. శ్రీను గారిలాంటి వాళ్ళు మా దగ్గరా ఉన్నారు, వారం చూసి మళ్ళీ 40 చేస్తామంటున్నారు.

ఒక్కటి మిగిలింది. పై డిటెక్టర్ మా హాసాప్ ఆహార భద్రత ప్లాన్‌లో సీసీపీగా, అంటే కొలిచే హద్దు పెట్టి కాపలా కాసే కీలక స్థానంగా ఉంది. ఆగర్ తనిఖీని కూడా సీసీపీ చెయ్యాలా, లేక ప్రీరిక్విజిట్ ప్రోగ్రాం కింద ఉంచాలా?

---

నజీమా_హైద్రాబాద్ (శుక్రవారం, 11:10)

టార్చితో చూసే గీతకి కొలిచే హద్దు ఏం పెడతారు? హద్దు లేనిది సీసీపీ ఎలా అవుతుంది? నేనైతే ఆ రెండింటికీ మధ్యస్థమైన ఓపీఆర్‌పీ కింద పెడతాను.

---

భాస్కరరావు (శుక్రవారం, 11:45)

ఆగర్‌కీ ఫనెల్‌కీ మధ్య సందుని ఫీలర్ గేజ్‌తో కొలిస్తే హద్దు వస్తుంది కదా. మిషన్ తయారీదారు ఇచ్చిన సందు ఎంతో మాన్యువల్‌లో చూడండి స్వాతి గారూ, అది దొరికాక మాట్లాడుకుందాం.